జుట్టు రంగు మార్చాక కుదుళ్లు నల్లగా మిగిలిపోతే: ముందు మాస్క్, ఆ తర్వాత వెలుగు

ఫోటోషాప్‌లో నల్ల జుట్టును బ్రౌన్‌గా మార్చారు. చివర్లు చక్కగా వచ్చాయి. పాపిటకు రెండు వైపులా మాత్రం ఒక పట్టీ నల్లగా ఉండిపోయింది. అది ఆగినచోట గీత గీసినట్టు కనిపిస్తోంది. చూసేవాళ్లకు ఎప్పుడో రంగు వేయించుకుని మళ్లీ పార్లర్‌కు వెళ్లనట్టు అనిపిస్తుంది. ఇలా అయినప్పుడు ఎక్కువమంది చేసే పని ఒకటే: కలర్ లేయర్‌ను ఇంకోటి డూప్లికేట్ చేయడం, లేదా రంగును ఇంకా ముదురు చేయడం. దాంతో చివర్లు నారింజ రంగుకు తిరుగుతాయి, కుదుళ్లు మాత్రం ఉన్నచోటే ఉంటాయి.

దేన్నైనా ముట్టుకునే ముందు మాస్క్ చూడండి. కలర్ లేయర్ మాస్క్ బొమ్మ మీద `Alt` నొక్కి క్లిక్ చేస్తే (మ్యాక్‌లో `Option`) మాస్క్ ఒక్కటే తెర మీదకు వస్తుంది. పాపిట దగ్గర అది తెల్లగా లేకుండా బూడిద రంగులో ఉంటే మీ సమస్య అక్కడే ఉంది. ఈ చిన్న పని చేయకుండా గంటల తరబడి స్లైడర్లు జరిపేవాళ్లను చూస్తూనే ఉన్నాను. `Color Range`తో ఎంపిక చేసినవాళ్లకు ఇది మరీ ఎక్కువగా వస్తుంది. నమూనా చివర్ల నుంచి తీసుకుంటారు కాబట్టి, అంతకంటే బాగా నల్లగా ఉన్న కుదుళ్లు ఆ ఎంపికలో సగమే పడతాయి. తెల్ల బ్రష్‌తో ఆ భాగాన్ని 100% నింపేయండి, సరిపోతుంది.

నల్ల పట్టీ కాకుండా జుట్టు పొడవునా చారలు కనిపిస్తుంటే, బ్రష్ `Opacity` తగ్గించి మాస్క్ వేశారన్నమాట. 40% బ్రష్‌తో ఒకసారి గీస్తే 40% పడుతుంది, రెండో గీత దాని మీదికి వచ్చినచోట 64% అవుతుంది. ఆ తేడాయే చార. దిద్దుతూ కూర్చోకండి. జుట్టు మొత్తం తెలుపుతో నింపి, అక్కర్లేని చోట నలుపుతో చెరిపేయండి.

మాస్క్ పూర్తిగా తెల్లగా ఉంది, అయినా పట్టీ పోలేదా? అయితే అన్ని లేయర్ల పైన ఒక `Solid Color` లేయర్ పెట్టండి. రంగు 128, 128, 128 ఇచ్చి, బ్లెండ్ మోడ్ `Color`కు మార్చండి. ఫోటో బ్లాక్ అండ్ వైట్‌గా మారుతుంది. ఇప్పుడు పాపిట దగ్గర చూడండి. గీత ఇంకా కనిపిస్తుంటే లోపం వెలుగులో ఉంది. గీత మాయమైతే లోపం రంగులో ఉంది. ఈ రెండింటికీ మందు వేరు. ఈ లేయర్‌ను తీసేయకుండా కన్ను గుర్తు ఆపి ఉంచండి, మళ్లీ అవసరమవుతుంది.

వెలుగులో గీత ఉంటే

మన జుట్టు ఫోటోల్లో నూటికి తొంభై సార్లు ఇదే కారణం. జుట్టుకు రంగు మార్చేవాళ్లు సాధారణంగా వాడేది `Color` మోడ్. అది పై లేయర్ నుంచి రంగును మాత్రమే తీసుకుంటుంది, వెలుగును కింది ఫోటో నుంచి ఉన్నది ఉన్నట్టు ఉంచేస్తుంది. చివర్ల మీద లైట్ పడి ఉంటుంది కాబట్టి అక్కడ రంగు కనిపిస్తుంది. పాపిట దగ్గర నీడ, దాని మీద నల్ల జుట్టు. రంగు వేసినా అది కనిపించేంత వెలుగు అక్కడ ఉండదు.

అంకెల్లో చూస్తే విషయం తేలిపోతుంది. కిటికీ పక్కన కూర్చున్న ఒక అమ్మాయి పోర్ట్రెయిట్ అనుకుందాం. జుట్టు మధ్యభాగంలో పిక్సెల్ విలువ 78, 70, 66. కుదురు దగ్గర 22, 19, 18. వేస్తున్న బ్రౌన్ 150, 95, 55. `Color` మోడ్ వెలుగును ఇలా లెక్కిస్తుంది:

```
0.30 × R + 0.59 × G + 0.11 × B
```

ఈ లెక్కన మధ్యభాగం వెలుగు సుమారు 72, కుదురుది 20. రంగు వేశాక మధ్యభాగం 115, 60, 20 అవుతుంది. అది కంటికి స్పష్టంగా బ్రౌన్. అదే రంగు, అదే మాస్క్‌తో కుదురు 36, 15, 0 దగ్గర ఆగిపోతుంది. అంటే దాదాపు నలుపే. లేయర్‌ను ఎన్నిసార్లు డూప్లికేట్ చేసినా కింద వెలుగు 20 ఉన్నంతవరకు ఫలితం 20 దగ్గరే ఉంటుంది. `Hue/Saturation`లో `Colorize` పెట్టినా పెద్ద తేడా రాదు. అక్కడ `Lightness` పెంచితే నలుపు మీద బూడిద పొర పరుచుకుంటుంది, వెంట్రుకల మధ్య లోతు పోతుంది. దాని జోలికి వెళ్లొద్దు.

కాబట్టి ముందు కుదుళ్ల వెలుగు పెంచాలి, రంగు ఆ తర్వాత. కలర్ లేయర్ కింద ఒక `Curves` లేయర్ పెట్టి, దాని మోడ్ `Luminosity`కు మార్చండి. ఐడ్రాపర్ `Sample Size` 5 by 5 Average పెట్టుకోండి, లేకపోతే వెంట్రుకకూ పక్క వెంట్రుకకూ అంకెలు మారిపోతుంటాయి. `F8` నొక్కితే వచ్చే `Info`లో కుదురు R, G, B విలువలు చదివి, పై లెక్కన వెలుగు కట్టండి. మన ఫోటోలో అది 20 కాబట్టి కర్వ్ మీద ఇన్‌పుట్ 20 దగ్గర ఒక చుక్క పెట్టి అవుట్‌పుట్ 50కి తీసుకెళ్లాలి. 110 దగ్గర ఇంకో చుక్క పెట్టి 115 దగ్గర ఆపితే జుట్టు మీద మెరుపు చెదరదు. సున్నా దగ్గరి చివరను కదపకండి. వెంట్రుకల మధ్య సందులు నల్లగా ఉంటేనే అది జుట్టులా కనిపిస్తుంది.

కుదుళ్లను 72 దాకా ఎందుకు తేకూడదని అడుగుతారు. నిజంగా రంగు వేయించుకున్న జుట్టులో కూడా మాడు దగ్గర నీడ ఉంటుంది. రెండూ సమానమైతే విగ్గు పెట్టినట్టు ఉంటుంది. మధ్యభాగం వెలుగులో మూడింట రెండు వంతుల దగ్గర ఆపితే నా కంటికి సహజంగా అనిపిస్తుంది.

ఇక ఈ కర్వ్ మాస్క్‌ను `Ctrl+I`తో నలుపు చేసి, మెత్తటి తెల్ల బ్రష్‌తో పాపిట నుంచి కిందికి, జుట్టు దువ్విన దిశలోనే గీయండి. `Opacity` 100 ఉంచి `Flow` 10 దగ్గర పెట్టుకోండి. నల్ల పట్టీ ఆగినచోట మీ బ్రష్ కూడా ఆగిపోతే పాత గీత పోయి అక్కడే కొత్త గీత వస్తుంది. పట్టీ దాటి కొంచెం కిందికి లాగి వదలండి. తర్వాత `Properties`లో మాస్క్ `Feather` పెంచండి. పొడవు 6000 పిక్సెళ్లున్న ఫోటోకు 30, 40 దగ్గర మొదలుపెట్టి చూసుకోవచ్చు. బ్లాక్ అండ్ వైట్ లేయర్ మళ్లీ ఆన్ చేసి, వెలుగు మెల్లగా మారుతోందో లేదో ఒకసారి చూడండి.

దీనికి ఒక హద్దుంది. కుదురు విలువ 6, 5, 5 లాంటిదైతే అక్కడ వెంట్రుకల వివరమే లేదు. ఎత్తితే గ్రెయిన్, జేపెగ్ గళ్లు బయటపడతాయి. రా ఫైల్ ఉంటే దాన్ని `Exposure` ఒక స్టాప్ పెంచి మళ్లీ తెరిచి, ఆ కాపీని కలర్ లేయర్ కింద పెట్టి కుదుళ్ల మాస్క్ ఇవ్వండి. జేపెగ్ ఒక్కటే ఉంటే గాఢత కొంచెం తక్కువున్న బ్రౌన్ ఎంచుకోండి. అప్పుడు కుదుళ్లకూ చివర్లకూ తేడా తగ్గుతుంది.

వెలుగు సరిపోయింది, రంగులో ఇంకా గీత ఉంది

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. బ్లాక్ అండ్ వైట్‌లో అంతా నున్నగా ఉంటుంది. ఆ లేయర్ ఆపగానే కుదుళ్ల దగ్గర ఎర్రటి పట్టీ కనిపిస్తుంది. మాస్క్ తప్పు అనుకుని మళ్లీ మొదటి నుంచి గీస్తారు, మళ్లీ అదే వస్తుంది. మాస్క్‌లో తప్పు లేదు. `Color` మోడ్ ఎక్కడైనా ఒకే మోతాదు రంగు వేస్తుంది. వెలుగు తక్కువున్నచోట ఆ మోతాదే ఎక్కువవుతుంది. మన ఉదాహరణలో వెలుగు 50కి ఎత్తిన కుదురు 91, 38, 0 అవుతుంది. నీలం సున్నాకు పడిపోయింది, అంటే రంగు గాఢత చివరి మెట్టు దాకా వెళ్లింది. పక్కనే మధ్యభాగంలో 115, 60, 20 ఉంది, అక్కడ నీలం ఇంకా మిగిలే ఉంది. అందుకే ఒకటి బ్రౌన్‌గా, ఇంకొకటి గోరింటాకు ఎరుపులా కనిపిస్తాయి.

దీనికి కలర్ లేయర్ పైన `Hue/Saturation` పెట్టి, `Alt+Ctrl+G`తో దాన్ని కలర్ లేయర్‌కే క్లిప్ చేయండి. కర్వ్ మాస్క్‌ను `Alt` పట్టుకుని ఈ లేయర్ మీదికి లాగితే అదే మాస్క్ కాపీ అవుతుంది, మళ్లీ గీసే పని ఉండదు. ఇప్పుడు `Saturation` మైనస్ 20 దగ్గర మొదలుపెట్టి, `Info`లో కుదురు నీలం విలువ సున్నా నుంచి పైకి లేచేదాకా తగ్గించండి. ఎరుపు అప్పటికీ పోకపోతే `Hue`ను రెండు మూడు అంకెలు పసుపు వైపు జరపండి. అంతకు మించి జరిపితే కుదుళ్లు పచ్చబడతాయి.

నుదుటి అంచు వెంట సన్నటి నల్ల గీత మిగిలితే రెండు మాస్కులు అక్కడ కలిసి పలచబడ్డాయన్నమాట. కర్వ్ మాస్క్ అంచులో 50%, కలర్ మాస్క్ అంచులో 50% ఉంటే రెండూ సగం సగమే పనిచేస్తాయి, పాత నలుపు బయటికి వస్తుంది. అన్ని లేయర్లనూ ఒక గ్రూపులో వేసి, జుట్టు ఆకారపు మాస్క్ ఆ గ్రూపుకు ఒక్కదానికే ఇవ్వండి. లోపల కుదుళ్ల మాస్క్ మాత్రం ఉంచండి, దాన్ని నుదురు దాటి ధారాళంగా గీసినా ఫర్వాలేదు. గ్రూపు మోడ్ `Pass Through`లోనే ఉండాలి. `Normal`కు మారితే లోపలి లేయర్లు కింది ఫోటోను చూడలేవు, జుట్టు మీద రంగు ముద్ద అంటించినట్టు అవుతుంది.

పాపిటలో కనిపించే మాడు చర్మానికి రంగు అంటకూడదు. సన్నటి నల్ల బ్రష్‌తో గ్రూపు మాస్క్‌లో ఆ గీతను మాత్రం చెరపండి. కానీ పూర్తిగా కాదు, 80% దాకా చాలు. పాపిట మరీ తెల్లగా బయటపడితే పక్కనున్న కుదుళ్లు మళ్లీ నల్లగా అనిపిస్తాయి.

మిగిలిన కారణాలు అరుదు. నీడల్లో మెట్లు మెట్లుగా రంగు కనిపిస్తే ఫైల్‌ను 16 బిట్‌కు మార్చి కర్వ్ మళ్లీ చూడండి, కానీ 8 బిట్ జేపెగ్ నుంచి వచ్చిన మెట్లు దానివల్ల పోవు. స్క్రీన్ మీద బాగుండి ప్రింట్‌లో మాత్రం కుదుళ్లు నల్లబడితే ఆల్బమ్ ల్యాబ్ ఇచ్చే ప్రొఫైల్‌ను `Proof Setup`లో పెట్టి, కుదుళ్ల వెలుగును ఇంకో అయిదారు అంకెలు పెంచి పంపండి.