ట్రాన్స్‌ఫార్మర్ కొనేముందు లాస్‌కి ధర కట్టడం ఎలా?

కావాల్సినవి ఏడాది కరెంటు బిల్లులు, కాల్క్యులేటర్, కొటేషన్లు. నో-లోడ్ లాస్, లోడ్ లాస్ విడివిడిగా వాట్లలో రాయని కొటేషన్‌ని పక్కన పడేయండి. మీ మీటరు ట్రాన్స్‌ఫార్మర్‌కి హెచ్‌టీ వైపు, అంటే ఎక్కువ వోల్టేజీ వైపే ఉందో లేదో కూడా చూసుకోండి. ఎల్‌టీ వైపు ఉంటే ఆ నష్టాన్ని మీటరు కొలవదు, ఈ లెక్క మీకు అక్కర్లేదు.

చెన్నై అంబత్తూరులో నెల్లూరాయన ఒకరి వర్క్‌షాపుకి 500 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. మొదటి కొటేషన్‌లో నో-లోడ్ 600 వాట్లు, లోడ్ 3,600. రెండోదాంట్లో 430, 3,400. ధర మాత్రం 1,20,000 రూపాయలు ఎక్కువ.

ముందు నో-లోడ్ లాస్. పని ఉన్నా లేకపోయినా ఏడాదికి 8,760 గంటలూ అది నడుస్తూనే ఉంటుంది. యూనిట్ 7.50 వేసుకుంటే వాటుకి ఏడాదికి 65.70 రూపాయలు. దాన్ని 15తో గుణించకండి, రేపటి రూపాయికి ఇవాళ్టి విలువ ఉండదు. 10 శాతం వడ్డీకి 15 ఏళ్ల గుణకం 7.6, అంటే వాటుకి సుమారు 500 రూపాయలు. పాతికేళ్లు వేసేవాళ్లున్నారు, అద్దె షెడ్డులో ఉన్నవాళ్లకి పదిహేనే ఎక్కువ.

అసలు తప్పంతా లోడ్ లాస్ దగ్గరే జరుగుతుంది. కొటేషన్‌లోని 3,600 వాట్లు ఫుల్ లోడ్‌కి ఇచ్చినవి. ఈ షెడ్డులో పీక్ 350 కేవీఏ, అంటే 70 శాతం. నష్టం కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి పీక్ దగ్గర కూడా అందులో 0.49 వంతే. పైగా పీక్ రోజంతా ఉండదు.

సగటు లోడ్ పీక్‌లో ఎన్నో వంతో చెప్పేది లోడ్ ఫ్యాక్టర్. ఇక్కడ అది 0.5 కదా అని చాలామంది వాటుకి 500 రూపాయల్ని నేరుగా సగం చేసి 250 వేసేస్తారు. అలా చేయొద్దు. లాస్‌కి LLF అనే వేరే ఫ్యాక్టర్ ఉంది. కింద LF అంటే లోడ్ ఫ్యాక్టర్, B అంటే లోడ్ లాస్‌లో ఒక్కో వాటుకి రూపాయలు:

```
LLF = 0.2 × LF + 0.8 × LF²
    = 0.1 + 0.2 = 0.3
B   = 500 × 0.3 × 0.49 = 73.50
```

ఆ 0.49 మర్చిపోయినా లెక్క రెట్టింపు దాటుతుంది. లోడ్ ఫ్యాక్టర్ పీక్‌తో పోల్చి తీసినదై ఉండాలి. 500 కేవీఏతో పోల్చి తీస్తే పీక్‌ని రెండుసార్లు తగ్గించినట్టవుతుంది.

ఇక తేడాలు చూద్దాం. నో-లోడ్‌లో 170 వాట్లు, అంటే 85,000. లోడ్‌లో 200 వాట్లు, అంటే 14,700. మొత్తం ఆదా 99,700, పెట్టాల్సిన అదనం 1,20,000. మొదటిదే కొనాలి. అదే 250 వేసిన పెద్దమనిషికి ఆదా 1,35,000గా కనిపించి రెండోది కొనిపించేది. ఎఫిషియెన్సీ శాతాలు పోల్చేవాళ్లకైతే ఇదేదీ కనబడదు, అందుకే ఆ పద్ధతి నాకు పడదు.

ఆర్డరులో గ్యారంటీ లాస్‌లు రాయించి, మించిన ప్రతి వాటుకీ ఇవే రేట్లతో కోత పెట్టండి. టెస్టు రిపోర్టులో లోడ్ లాస్ 75 డిగ్రీలకి సరిచేశారో చూడండి. 35 డిగ్రీల దగ్గర కొలిచింది అలాగే రాస్తే, రాగి నిరోధకత 13 శాతం తక్కువ ఉంటుంది కాబట్టి ఎక్కువ లాస్ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ కూడా పాసైపోతుంది.