మాత్రలు వేసినా తగ్గని గొంతు నొప్పి: గ్లాండ్యులర్ ఫీవర్‌ని పట్టుకోవడం ఎలా, విశ్రాంతి ఎన్నాళ్లు

సమస్య దాదాపు ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది. పదిహేనూ పదహారేళ్ల పిల్లకో పిల్లాడికో జ్వరం, గుటక పడనంత గొంతు నొప్పి. టాన్సిల్స్ వాచి, వాటి మీద తెల్లటి పొర. యాంటీబయాటిక్ మొదలుపెట్టి మూడు రోజులవుతుంది, రవ్వంత మార్పు ఉండదు. అప్పుడు మందు మారుస్తారు, తర్వాత ఇంకోటి. మెడ వెనక వేళ్లు పెట్టి చూసేవాళ్లు మాత్రం తక్కువ.

ముందు మెడ చూడండి

మామూలు బాక్టీరియా గొంతు నొప్పిలో బిళ్లలు దవడ కింద, మెడ ముందు భాగంలో కడతాయి. గ్లాండ్యులర్ ఫీవర్‌లో అక్కడా ఉండొచ్చు కానీ, చెవి వెనక నుంచి భుజం వైపు దిగే వరసలో, మెడ పక్క కండరానికి వెనకాల కూడా తగులుతాయి. సాధారణంగా రెండు వైపులా ఉంటాయి. నొక్కితే నొప్పి, వేళ్ల కింద కాస్త కదులుతాయి. పిల్లని కూర్చోబెట్టి, వెనక నిలబడి, రెండు చేతుల వేళ్లతో ఒకేసారి తడిమితే తేడా తెలుస్తుంది. పొద్దున లేచేసరికి పైరెప్పలు ఉబ్బి ఉండటం, అంగిట్లో చిన్న ఎర్రటి చుక్కలు కనిపించడం అనుమానాన్ని పెంచుతాయి. అన్నిటికంటే పెద్ద గుర్తు నీరసం. స్నానం చేసొచ్చి మళ్లీ పడుకునేంత నీరసం మామూలు గొంతు నొప్పికి రాదు.

గ్లాండ్యులర్ ఫీవర్‌నే మోనో అని కూడా అంటారు. కారణం ఎప్‌స్టీన్-బార్ వైరస్. ఉమ్మి ద్వారా అంటుకుంటుంది. అంటుకున్న నాలుగు నుంచి ఆరు వారాలకు గానీ బయటపడదు కాబట్టి, ఎవరి నుంచి వచ్చిందో వెతకడం వృథా. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు.

దారి తప్పించేది ఇక్కడే

గొంతులోంచి తీసిన స్వాబ్‌లో స్ట్రెప్టోకాకస్ ఉందని వస్తుంది. ఇక అందరికీ నిశ్చింత: కారణం దొరికింది, మందు ఉంది. కానీ ఆ బాక్టీరియా ఏ జబ్బూ చేయకుండా గొంతులో కాపురం ఉండే పిల్లలు చాలామంది. స్వాబ్ దాని ఉనికిని చెబుతుందే తప్ప, ఈ జ్వరానికి అదే కారణమని చెప్పదు. నిజంగా స్ట్రెప్ అయితే సరైన మందు పడ్డాక రెండు మూడు రోజుల్లో తేడా తెలియాలి. తెలియకపోతే మందు మార్చడానికి ముందు జబ్బు పేరు మీదే అనుమానపడాలి.

రెండో వల రక్తపరీక్ష. మోనోస్పాట్ పరీక్షను మొదటి వారంలో చేస్తే, జబ్బు ఉన్నా నలుగురిలో ఒకరికి నెగెటివ్ రావచ్చు. దాన్ని పట్టుకుని ‘మోనో కాదు’ అని తేల్చేస్తారు. లక్షణాలు సరిపోతుంటే వారం ఆగి మళ్లీ చేయించాలి, లేదా ఆ వైరస్ తాలూకు ఐజీఎం యాంటీబాడీ పరీక్ష అడగాలి. రక్తకణాలు లెక్కపెట్టే మామూలు సీబీసీ రిపోర్టు కూడా చాలా చెబుతుంది: తెల్లకణాల్లో లింఫోసైట్లు సగానికి మించి, వాటితోపాటు మామూలుకంటే వేరుగా కనిపించే ‘ఎటిపికల్ లింఫోసైట్లు’ పది శాతం పైన ఉంటే మోనో అనే అనుకోవచ్చు. లివర్ ఎంజైములు కొద్దిగా పెరగడం కూడా ఇందులో మామూలే.

ఒక కేసు తీసుకుందాం. పదహారేళ్ల కుర్రాడు, 50 కిలోలు, బాస్కెట్‌బాల్ ఆడతాడు. ఒకటో రోజు ఒళ్లు నొప్పులు. నాలుగో రోజు గొంతు. ఆరో రోజు స్వాబ్ పాజిటివ్, అమాక్సిసిలిన్ మొదలు, మోనోస్పాట్ నెగెటివ్. తొమ్మిదో రోజుకీ జ్వరం అలాగే. పదమూడో రోజు ఛాతీ మీద మొదలై ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు. ‘పెన్సిలిన్ అలర్జీ’ అని ఫైల్లో ఎక్కింది. ఆ రోజే చేసిన సీబీసీలో లింఫోసైట్లు 62 శాతం, ఎటిపికల్ 18. మళ్లీ చేసిన మోనోస్పాట్ పాజిటివ్.

ఆ దద్దుర్లు చాలాసార్లు నిజమైన అలర్జీ కాదు. మోనో ఉన్నప్పుడు అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ పడితే, మొదలుపెట్టిన వారం అటూ ఇటుగా ఇలా రావడం తెలిసిన విషయమే. మందు ఆపేస్తే తగ్గుతాయి. ‘అలర్జీ’ ముద్ర జీవితాంతం మోయకుండా, కోలుకున్నాక డాక్టర్‌తో తేల్చుకోవాలి. మందు వేసిన గంటలోపే దద్దుర్లు లేచి, పెదాలు వాచి, ఊపిరాడకపోతే మాత్రం అది వేరే సంగతి, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఇంట్లో చేయాల్సింది

పారాసెటమాల్, కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన. ఈ కుర్రాడికి 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగుకు మించకుండా. లివర్ ఇప్పటికే కొంచెం వాచి ఉంటుంది, ఎక్కువ వేయకండి. జలుబు మాత్రల్లోనూ పారాసెటమాల్ ఉంటుంది, లెక్కలో కలపండి. పిల్లలకు ఆస్పిరిన్ వద్దు. చల్లటి ద్రవాలు గుక్కగుక్కగా తాగించండి. నీళ్లు కూడా మింగలేక చొంగ కారుతున్నా, ఊపిరి పీల్చేటప్పుడు గురగుర శబ్దం వస్తున్నా టాన్సిల్స్ దారి మూసేస్తున్నాయని అర్థం. ఆసుపత్రికి వెళ్లాలి.

జ్వరం తగ్గిన రోజే అసలు ప్రమాదం

పద్దెనిమిదో రోజు కుర్రాడికి జ్వరం లేదు, గొంతు బాగుంది. శనివారం మ్యాచ్‌కి వెళ్తానంటాడు. ఇక్కడే వద్దనాలి. మోనోలో ప్లీహం, అంటే ఎడమ పక్కటెముకల కింద ఉండే అవయవం, సగంమందిలో ఉబ్బుతుంది. దాని పొర పలచబడి, మోచేయి తగిలినా, ఒక్కోసారి ఏమీ తగలకపోయినా చిట్లవచ్చు. ఇది అరుదు, కానీ చిట్లితే లోపలే రక్తం పోతుంది. ఎక్కువ కేసులు మొదటి మూడు వారాల్లోనే జరుగుతాయి, అందుకే జబ్బు మొదలైన రోజు నుంచి కనీసం నాలుగు వారాలు మీదపడి ఆడే ఆటలు, బరువులెత్తడం, బలంగా ముక్కడం మానాలి. చేతికి తగలలేదని ప్లీహం ఉబ్బలేదనుకోకండి, ఇంట్లో పదేపదే నొక్కి చూడకండి. ఎడమ పొట్ట పైభాగంలో హఠాత్తుగా నొప్పి, ఎడమ భుజం కొనలో నొప్పి, కళ్లు తిరగడం: వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగకూడదు.

విశ్రాంతి అంటే నెల రోజులు మంచానికి అతుక్కోవడం కాదు. జ్వరం ఉన్నన్నాళ్లు పడుకోనివ్వండి, ఎంత నిద్ర వస్తే అంత. తర్వాత పది నిమిషాల నడక. మర్నాడు ఎలా ఉందో చూడండి. నిన్నటికంటే నీరసం పెరిగితే నడక సగానికి తగ్గించి మూడు రోజులు అక్కడే ఉండండి. పెరగకపోతే ఐదు నిమిషాలు కలపండి. బాగున్న రోజున పేరుకుపోయిన పని మొత్తం లాగించడం, మర్నాడు కూలబడటం, ఈ ఎగుడుదిగుడే కోలుకోవడాన్ని లాగుతుంది. చాలామంది కొన్ని వారాల్లో మామూలైపోతారు. కొందరికి నీరసం ఆరు నెలలైనా వదలదు, అది బద్ధకం కాదు.

సీఎంవీ అనే మరో వైరస్, టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి, తొలిదశ హెచ్ఐవీ కూడా ఇలాగే కనిపించవచ్చు. మోనో పరీక్షలు నెగెటివ్ వస్తే వాటినీ చూడాలి. బిళ్ల గట్టిగా, నొప్పి లేకుండా, వారాల తరబడి పెరుగుతుంటే డాక్టర్ ఇంకా లోతుగా చూడాలి.

స్కూలు సంగతి: నెలల తరబడి ఉమ్మిలో వైరస్ ఉంటుంది కాబట్టి అంటుకుంటుందని ఇంట్లో కూర్చోబెట్టడంలో అర్థం లేదు. నీళ్ల సీసా, చెంచా ఎవరితోనూ పంచుకోకపోతే చాలు. మొదటి వారం సగం పూటే పంపండి, ఆటల పీరియడ్‌కి మినహాయింపు చీటీ మాత్రం నాలుగు వారాలు దాటేదాకా రాయించి పెట్టండి.