గ్రామసభలో సంతకం పెట్టే ముందు: సరయాకు కేసు నేర్పే జాగ్రత్తలు

ఊరి పక్క కొండలో ఖనిజం ఉందట, సర్వే వాళ్ళు తిరుగుతున్నారట, వచ్చే నెలలో గ్రామసభ పెడతారట అని కబురు రాగానే ఏజెన్సీ ఊళ్ళలో టెన్షన్ మొదలవుతుంది. అందరూ సభ రోజున ఏం మాట్లాడాలా అని ఆలోచిస్తారు. నన్నడిగితే జాగ్రత్త పడాల్సింది అంతకు ముందే. ఆదివాసీ భూముల కేసుల్లో మానవ హక్కుల కోర్టులు, కమిటీలు ప్రాజెక్టు మంచిదా చెడ్డదా అన్న దగ్గర ఆగవు. ఊరిని ఎవరు అడిగారు, ఏ దశలో అడిగారు, ఏ సమాచారం ఇచ్చి అడిగారు, జవాబు ఎవరి నోటి నుంచి తీసుకున్నారు, ఇవన్నీ తిరగేస్తాయి. వీటికి రుజువులు సభ రోజున పుట్టవు, ముందు నుంచీ పోగుపడాలి.

ఇది బాగా అర్థం కావాలంటే ఈక్వడార్‌లోని సరయాకు కేసు చూడాలి. అమెజాన్ అడవిలో, పస్తాసా రాష్ట్రంలో, బోబోనాసా నది ఒడ్డున ఉండే కిచ్వా ఆదివాసులు వాళ్ళు, సుమారు 1200 మంది. 1992లో ప్రభుత్వమే వాళ్ళకు ఉమ్మడి పట్టా ఇచ్చింది. అయితే భూగర్భంలోని సంపద మాత్రం ప్రభుత్వానిదే అని అందులో ఉంది. నాలుగేళ్ళకే, 1996లో, 23వ బ్లాకు పేరుతో 2 లక్షల హెక్టార్లలో చమురు వెతకడానికి అర్జెంటీనా కంపెనీ సీజీసీ ఉన్న కూటమితో ఒప్పందం చేసుకుంది. ఆ బ్లాకులో దాదాపు 65 శాతం సరయాకు వాళ్ళ నేలే. వాళ్ళను ఎవరూ అడగలేదు. పర్యావరణ ప్రభావ నివేదిక కూడా వాళ్ళ ప్రమేయం లేకుండానే తయారై, 1997లో ఆమోదం పొందింది. 2000లో కంపెనీ వచ్చి అభివృద్ధి పనులకు 60 వేల డాలర్లు, మగవాళ్ళకు 500 ఉద్యోగాలు ఇస్తామంది. ఊరు సభ పెట్టుకుని వద్దంది. 2002 చివర్లో కంపెనీ మనుషులు మళ్ళీ అడవిలోకి దిగారు. భూకంప తరంగాలతో చమురు జాడ పట్టడానికి 467 గుంతలు తవ్వి, దాదాపు 1433 కిలోల పెంటోలైట్ అనే పేలుడు పదార్థం పాతిపెట్టారు. సరయాకు ఊరు ఊరంతా నెలల తరబడి పనులు మానుకుని సరిహద్దుల్లో శిబిరాలు వేసి కాపలా కాసింది. చివరికి 2012 జూన్ 27న అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టు ఈక్వడార్ ప్రభుత్వం తప్పు చేసిందని తీర్పు ఇచ్చింది.

ఇక జాగ్రత్తలు. అన్నిటికంటే ముందు సంతకాల సంగతి. సరయాకు వాళ్ళు కోర్టుకు చెప్పినదాని ప్రకారం, కంపెనీ తరఫున ఒక సంచార వైద్య బృందం ఊళ్ళకు వచ్చింది. వైద్యం కావాలంటే పేరు రాసి సంతకం పెట్టాలి. తర్వాత ఆ సంతకాల జాబితానే కంపెనీ పనులకు మద్దతు లేఖగా మారిందట. జ్వరానికి మాత్ర తీసుకున్న మనిషి చమురుకు ఒప్పుకున్నట్టు తేలడం ఎలా ఉందో చూడండి! మన దగ్గర కూడా మెడికల్ క్యాంపు రిజిస్టరు, దుప్పట్లు పంచిన జాబితా, భోజనాల లిస్టు, సభ హాజరు పట్టీ, ఇవన్నీ పైన ఒక్క వాక్యం చేరిస్తే తీర్మానమైపోగల కాగితాలే. అందుకని తలకట్టు లేని కాగితం మీద వేలిముద్ర వేయకండి. హాజరు పట్టీ అయితే ప్రతి పేజీ పైన ‘ఇది హాజరు మాత్రమే, ఏ ప్రతిపాదనకూ ఒప్పుకోలు కాదు’ అని, తేదీతో సహా, సంతకాలు మొదలు కాకముందే రాయించండి. చివరి పేరు కింద గీత కొట్టి, మిగిలిన ఖాళీని అడ్డంగా కొట్టేయండి. తర్వాత ప్రతి పేజీనీ ఫోన్‌లో ఫోటో తీసి, ఊళ్ళో ఒకరి దగ్గర, ఊరి బయట ఇంకొకరి దగ్గర దాచండి. ఇలా అడిగితే కొందరు అధికారులు చిరాకు పడతారు, పడనివ్వండి.

తర్వాత, అడగడానికి వచ్చింది ఎవరో చూసుకోండి. సరయాకు తీర్పులో నాకు అన్నిటికంటే పనికొచ్చే మాట ఇక్కడే ఉంది. ఆదివాసులను సంప్రదించే బాధ్యత ప్రభుత్వానిది, దాన్ని కంపెనీకి అప్పగించి చేతులు దులుపుకోవడం కుదరదు, అందులోనూ ఆ భూమి మీద లాభం ఆశిస్తున్న కంపెనీకి అసలే కుదరదు అని కోర్టు స్పష్టంగా చెప్పింది. ఊరి నాయకత్వాన్ని పక్కన పెట్టి కొందరితో విడివిడిగా బేరాలాడటాన్ని కూడా తప్పుపట్టింది. కాబట్టి కంపెనీ తరఫు ప్రజా సంబంధాల మనిషి ఇంటింటికీ తిరుగుతుంటే అతనితో పోట్లాడక్కర్లేదు, అలాగని జవాబు ఇవ్వాల్సిన పనీ లేదు. ఎప్పుడొచ్చాడు, ఎవరింటికి వెళ్ళాడు, ఏం ఇస్తానన్నాడు, ఇవి ఒక నోటుబుక్‌లో రాసి పెట్టండి. ఊరి తరఫున ఎవరు మాట్లాడాలి, ఎవరు మాట్లాడినా సభ ఒప్పుకుంటేనే చెల్లుతుంది అన్నది ముందే ఒక సభలో తీర్మానించి మినిట్స్ బుక్‌లో ఎక్కించండి. కెన్యాలో ఎండొరోయిస్ అనే పశుపాలకులను బొగోరియా సరస్సు దగ్గర నుంచి వన్యప్రాణి రిజర్వు పేరుతో 1970లలో ఖాళీ చేయించారు. 2010లో బయటికొచ్చిన ఆఫ్రికా మానవ హక్కుల కమిషన్ నిర్ణయం ఆ ప్రజల స్థితిని గట్టిగా పట్టించుకుంది. చదువు రాని వాళ్ళు, భూమి అంటే వేరే అర్థం ఉన్నవాళ్ళు, అప్పటికే తీసేసుకున్న నిర్ణయాన్ని వాళ్ళ ముందు పెడితే అది సంప్రదింపు ఎలా అవుతుందని దాని సారాంశం.

అప్పటికే తీసేసుకున్న నిర్ణయం అన్నాను కదా, దాన్ని పసిగట్టడం పెద్ద కష్టం కాదు, తేదీలు వరుసగా పేర్చితే చాలు. లీజు దరఖాస్తు ఎప్పుడు, లీజు మంజూరు ఎప్పుడు, టెండరు ఎప్పుడు, పర్యావరణ నివేదిక ఎప్పుడు, మీ ఊరికి మొదటిసారి చెప్పింది ఎప్పుడు? మీ ఊరి తేదీ అన్నిటికంటే చివర వస్తే అదే మీ కేసు. పనుల అనుమతి అవసరమైన క్షణంలో కాదు, ప్రాజెక్టు ఆలోచన మొదటి దశల్లోనే అడగాలని, సరయాకు తీర్పిచ్చిన కోర్టే 2007లో సురినామ్‌లోని సరామాకా ప్రజల కేసులో చెప్పింది. ఇంకో మెలిక కూడా ఉంది. ‘ఆ ఒప్పందం ఎప్పుడో అయిపోయింది, అప్పటికి ఈ చట్టం లేదు’ అని ఈక్వడార్ వాదించింది. ఆదివాసులను సంప్రదించాలని చెప్పే అంతర్జాతీయ కార్మిక సంస్థ 169వ ఒడంబడిక ఆ దేశంలో 1999లో అమల్లోకి వచ్చిన మాట నిజమే, కానీ 2002లో పనులు మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు అడగాల్సిన బాధ్యత ఉంది కదా అని కోర్టు తిప్పికొట్టింది. అంటే పాత లీజు రెన్యూవల్ అయినా, విస్తరణ అయినా, సర్వే నుంచి తవ్వకానికి మారినా, ప్రతిసారీ మళ్ళీ అడగమని రాతపూర్వకంగా కోరండి.

సమాచారం గురించి క్లుప్తంగా చెప్తాను. సభకు కనీసం కొన్ని వారాల ముందు నివేదిక ప్రతి మీ చేతికి రావాలని లేఖ రాసి, దాని మీద ముద్ర వేయించుకున్న రసీదు ఉంచుకోండి. తెలుగులో ఇస్తే సరిపోదు, ఊళ్ళో పెద్దవాళ్ళు కువిలోనో కోయలోనో మాట్లాడుకుంటుంటే ఆ భాషలో చదివి వినిపించమనండి, వినిపించిన మనిషి పేరు మినిట్స్‌లో రాయండి. సరయాకు నివేదికను కోర్టు తప్పుపట్టింది కూడా ఇలాంటి వాటికే: ఊరి భాగస్వామ్యం లేదు, అడవితో వాళ్ళకున్న సామాజిక, ఆధ్యాత్మిక, సాంస్కృతిక సంబంధాల ఊసే లేదు. మీ దేవుడి గుట్ట, శ్మశానం, ఊట, పోడు, అడ్డాకులు తెచ్చుకునే చోటు నివేదికలోని పటంలో ఉన్నాయో లేదో వేలు పెట్టి చూడండి. లేకపోతే మీరే గీసి, సభలో తీర్మానం చేసి, జత చేయండి.

ఇప్పుడు చాలామంది పొరబడే చోటు. అడగడం వేరు, ఒప్పించుకోవడం వేరు. ప్రతి ప్రాజెక్టునూ వద్దని ఆపే హక్కు ఆదివాసులకు ఉందని ఈ కోర్టులు చెప్పలేదు. సరామాకా తీర్పు ప్రకారం సంప్రదింపు ఎప్పుడూ తప్పనిసరి. ప్రాజెక్టు పెద్దదై, ఆ ప్రజల నేల మీద భారీ ప్రభావం చూపేదైతే మాత్రం సమ్మతి కూడా తీసుకోవాలి. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 2009లో పెరూకు చెందిన ఆంఖెలా పోమా పోమా కేసులో దాదాపు ఇదే దారి పట్టింది. ఆమె అయ్‌మారా ఆదివాసీ, అల్పాకాలు మేపుకునే మనిషి. ఎత్తైన మైదానాల్లో ప్రభుత్వం బావులు తవ్వి నీటిని తక్నా నగరం వైపు మళ్ళిస్తే తడి మేత నేలలు ఎండిపోయి పశువులు చచ్చాయి. బతుకుతెరువును గట్టిగా దెబ్బతీసే పనికి ఊరికే సంప్రదిస్తే చాలదు, స్వేచ్ఛగా, ముందుగా, పూర్తి సమాచారంతో ఇచ్చే సమ్మతి కావాలని కమిటీ అంది. అందుకే మీ తీర్మానంలో ‘మాకు ఇష్టం లేదు’ అని ఆపేయకండి. ఎన్ని ఇళ్ళు, ఎంత పోడు, ఏ వాగు, ఏ మేత, ఏ గుడి, ఎన్ని నెలల తిండి, ఇవి రాస్తేనే ప్రభావం ఎంత పెద్దదో బయటివాడికి తెలుస్తుంది.

ఇక మన చట్టాలు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రాజెక్టు కోసం భూమి తీసుకునే ముందు సంప్రదించాలని 1996 పీసా చట్టం అంటుంది. 2013 భూసేకరణ చట్టంలోని 41వ సెక్షన్ అక్కడ గ్రామసభ ముందస్తు సమ్మతి అడుగుతుంది. అటవీ హక్కుల నిబంధనల కింద పెట్టే గ్రామసభకు మొత్తం సభ్యుల్లో సగం మంది ఉండాలి, వచ్చినవాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. కోరం లెక్కను సభ మొదట్లోనే గట్టిగా చదివించండి, లేదంటే తర్వాత మీకు అనుకూలమైన తీర్మానాన్నే అవతలివాళ్ళు ఆ పేరుతో కొట్టేయిస్తారు. 2013లో ఒడిశా నియమగిరిలో సుప్రీంకోర్టు ఆదేశంతో, జిల్లా జడ్జి స్థాయి అధికారి సమక్షంలో 12 గ్రామసభలు జరిగి అన్నీ బాక్సైట్‌ను కాదన్నాయి.

చివరగా, పైకి వెళ్ళే దారి గురించి ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక కింద వ్యక్తులు ఫిర్యాదు చేసుకునే ప్రోటోకాల్‌లో భారత్ చేరలేదు, కాబట్టి పోమా పోమా వెళ్ళిన తలుపు మనకు మూసే ఉంది. సరయాకు వాళ్ళకు కూడా 1996 ఒప్పందం నుంచి తీర్పు దాకా 16 ఏళ్ళు పట్టింది. వాళ్ళకు కలిసొచ్చింది ఏమిటంటే 2002 నవంబరులోనే స్థానిక కోర్టులో కేసు వేశారు. అక్కడ విచారణ జరగకపోయినా, ఆ జరగకపోవడమే తర్వాత ప్రభుత్వం మీద నేరంగా నిలిచింది. మీరూ మొదట ఇక్కడి కోర్టుకే వెళ్ళండి. దానితో పాటు ఆదివాసుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధికి లేఖ పంపవచ్చు, దానికి ఇక్కడి కోర్టులన్నీ తిరిగి రావాలన్న షరతు లేదు. జాతి వివక్ష నిర్మూలన కమిటీకి ముందస్తు హెచ్చరిక పద్ధతి కింద రాయవచ్చు. ఈ లేఖల ఆధారంగా వాళ్ళు ప్రభుత్వాన్ని వివరణ అడుగుతారు, అప్పుడు మీ పేర్లు కూడా ప్రభుత్వం ముందుకు వెళ్ళే అవకాశం ఉంది. కాబట్టి ఎవరి పేరు బయటపెట్టవచ్చు, ఎవరిది దాచాలి అన్నది పంపే ముందే ఒక్కొక్కరినీ విడిగా అడిగి, అదే లేఖలో స్పష్టంగా రాయండి.