ఐదో తరగతి పిల్లలకు తెలుగు: అర్థం పోకుండా రాయించిన తీరు

కొత్తపట్నం పిల్లల కోసం చేపల వేట నిషేధం నోటీసును తేలిక తెలుగులో రాసిమ్మని ఎవరిని అడిగినా అర్థం జారిపోయేది. మాటలు మార్చమన్నాను, చిన్నగా రాయమన్నాను, కథలా చెప్పమన్నాను, కుదరలేదు. "ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో చేపలు పట్టకూడదు" అని వచ్చేది. చదవడానికి హాయిగానే ఉంది కానీ, మోటారు లేని నావలకున్న మినహాయింపు మాయమైంది. తెరచాప నావతో బతికే ఇంటి బిడ్డకు అది పెద్ద తప్పు.

చివరికి మూలం నుంచి ముందే ప్రశ్నలు రాసిచ్చాను: ఎవరు ఆపాలి? ఎప్పటిదాకా? ఎందుకు? ఎవరికి వర్తించదు? ఆ తర్వాతే తిరగరాయమన్నాను. వాక్యానికి ఒకే క్రియ ఉండాలని, తేదీలు కదపవద్దని, "కానీ" అనే షరతు విడి వాక్యంగా రావాలని చెప్పాను. ఇలా వచ్చింది:

"ఈ రెండు నెలల్లో చేపలు గుడ్లు పెడతాయి. అందుకే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మోటారు పడవలతో సముద్రంలో వేట చేయకూడదు. కానీ మోటారు లేని నావలు వెళ్లవచ్చు."

మూలం చూడని పిల్లవాడి చేత చదివించి అవే ప్రశ్నలు అడిగాను. "తెడ్ల నావ వెళ్లొచ్చు కదా సార్" అన్నాడు.

నోటీసులకు, సైన్సు పాఠాలకు ఇది పనికొస్తుందనుకుంటున్నాను. పద్యాలకు, కథలకు ఇదే పద్ధతి సరిపోతుందని మాత్రం చెప్పలేను.