ఉద్యోగం పోయినవారికి ఓపిక మాట ఎలా చెప్పాలి?

జడ్చర్ల దగ్గరి ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్న తమ్ముడి వరుస అబ్బాయికి ఉద్యోగం పోయిందనుకుందాం. వార్త తెలియగానే పద్యమో శ్లోకమో ఎత్తుకోకూడదు. "తమ్మీ, ఇప్పుడు దేనికి ఎక్కువ రందిగున్నది?" అని అడిగి, ఇంటి కిస్తీ గురించి చెప్పినా, ఊళ్లో నలుగురూ అడుగుతారన్న సిగ్గు గురించి చెప్పినా, మధ్యలో అడ్డుపడకుండా పూర్తిగా వినాలి.

అతని మాటలు ఒక కొలిక్కి వచ్చాక ఒక్క బోధను మాత్రమే ఎంచుకోవాలి. ఎంపికలోనే చాలామంది పొరబడతారు. "ఆరంభింపరు నీచమానవులు" అనే పద్యం ప్రయత్నం గురించి చెప్పేదే అయినా, గడప దాటడానికే మనసు రాని మనిషికి అందులోని మొదటి మాటే తిట్టులా తగులుతుంది. గీతలోని "కర్మణ్యేవాధికారస్తే" శ్లోకాన్ని సగంలో ఆపితే, జీతం కోసం ఆశపడటమే తప్పన్నట్టు వినిపిస్తుంది. నిజానికి అతనికి పనికివచ్చేది "మా తే సంగోఽస్త్వకర్మణి", అంటే పని చేయకపోవడం మీద మక్కువ పెంచుకోవద్దన్న చివరి పాదం. నన్నడిగితే వేమన పద్యం మేలు. "తినగ తినగ వేము తియ్యనుండు, సాధనమున పనులు సమకూరు ధరలోన" అన్న ఆ పద్యం చేదును చేదుగానే ఒప్పుకుంటుంది, ఎన్నాళ్లు పడుతుందో గడువు పెట్టదు.

పద్యం చెప్పి లేచి వచ్చేస్తే అది గాలిమాటే అవుతుంది కనుక, వెంటనే దాన్ని ఆ వారం చేయగలిగిన పనికి ముడిపెట్టాలి. "రేపు పాత కంపెనీకి పోయి అనుభవ పత్రం, రావలసిన జీతం లెక్క అడుగుదాం, ఎల్లుండి పోలేపల్లి దిక్కు రెండు కంపెనీలల్ల దరఖాస్తు ఇద్దాం" అని చెప్పి, వీలైతే బండి మీద తోడు వెళ్లాలి. దరఖాస్తు ఇవ్వడం అతని చేతిలో ఉంది, పిలుపు రావడం అతని చేతిలో లేదు. మరుసటి వారం కలిసినప్పుడు "ఏమన్నా వచ్చిందా?" అని కాకుండా "ఎవరెవరిని కలిసినవ్?" అని అడిగితే, జవాబు రాకపోయినా చేసిన శ్రమ లెక్కలోకి వస్తుంది.

"చెర్వుగట్టుకు మొక్కుకో, నెలల నౌకరి వస్తది" అనే మాట మాత్రం నోట రానీయకూడదు. మొక్కు అతని ఇష్టం, కానీ గడువు మనం పెడితే, నెల దాటాక అతనికి ఉద్యోగంతో పాటు నమ్మకం కూడా పోతుంది. పూర్వజన్మ పాపమని కారణం చెప్పడం అంతకన్నా చేటు.

అతను నిద్ర మానేసి, తాగుడు పెంచి, "నేను లేకుంటేనే నయం" అంటున్నాడంటే పద్యాల పని అయిపోయినట్టే. అప్పుడు అతన్ని ఒంటరిగా వదలకుండా, పక్కనే కూర్చుని మానసిక ఆరోగ్య సాయం అందించే టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ కలపాలి.