ఫొటోలో వచ్చిన ఇంగ్లీష్ పేరాని దిద్దడం: నాకు పనిచేసిన పద్ధతి

ఇంగ్లీష్ నేర్చుకుంటున్న మా చెల్లి రాసిన పేరాని ఫొటో తీసి పంపేది. నేను దిద్ది పంపేదాన్ని. మర్నాడు మళ్లీ అవే తప్పులు. ఫొటో నిండా ఎర్రగీతలు, పేరా మొత్తం తిరగరాయడం, వాయిస్ మెసేజ్ అన్నీ అయ్యాయి, ఏదీ నిలవలేదు.

పనిచేసింది ఇది. ముందు ఆటోకరెక్ట్ ఆపేసి, పేరాని ఉన్నదున్నట్టు టైప్ చేశాను. లేకపోతే మనకు తెలియకుండానే ఫోన్ తప్పుల్ని సరిచేసేస్తుంది. అక్షరం అర్థం కానిచోట ఊహించకుండా తననే అడిగాను. తర్వాత ఫొటో మీద తప్పున్న మాట కింద అంకె మాత్రమే వేశాను. కారణం ఒకటే అయితే అంకె కూడా ఒకటే. అలా తొమ్మిది తప్పులకు మూడే అంకెలు వచ్చాయి.

ఆ అంకెలకు వివరణ విడిగా, తెలుగులో రాశాను. 'ఐ డిడ్ నాట్ వెంట్' దగ్గర: "జరిగిపోయిందని 'డిడ్' చెప్పేసింది, ఇక 'గో' చాలు." 'హి టోల్డ్ టు మీ' దగ్గర: "'నాకు'లోని 'కు' ఇక్కడికి 'టు'గా వచ్చేసింది. 'టోల్డ్ మీ' అను. 'సెడ్' అయితే మాత్రం 'టు' ఉండాలి."

సరైన మాట తననే రాయమన్నాను. 'డిడ్' తప్పు రెండు వారాల్లో పోయింది. 'ఎ', 'ది' తప్పులు మాత్రం ఇంకా వస్తున్నాయి, వాటికి ఒక్క వాక్యం వివరణ సరిపోవట్లేదు. తెలుగు రానివాళ్లకు ఆ 'కు' పోలిక కూడా పనికిరాదు.