పెళ్లి ఊసు లేని బర్త్‌డే మెసేజ్

35 దాటినా పెళ్లికాని దోస్తుకు బర్త్‌డే మెసేజ్ పెడుతున్నారా? "ఈ ఏడాదైనా పప్పన్నం పెట్టు రా" అనేది తీసేయండి. ఆ మాట పొద్దున్నే మేనత్త ఫోన్‌లో అనేసి ఉంటుంది. "పెళ్లి గురించి టెన్షన్ పడకు, టైమ్ వస్తది" అన్నా అంతే, ఓదార్పు పేరుతో మళ్లీ అదే గుర్తుచేసినట్టు. వయసు అంకె కూడా వద్దు.

మరి ఏం రాయాలి? ఈ ఏడాది అతను చేసిన ఒక పని, తర్వాత కలిసే రోజు. నల్లగొండలో ఉన్న దోస్తుకైతే ఇలా:

"హ్యాపీ బర్త్‌డే రా. మా నాయన ఆపరేషన్ రోజు రాత్రంతా దవాఖానలో నా పక్కనే కూర్చున్నవ్, అది మర్చిపోను. ఆదివారం సాయంత్రం ఐదింటికి పానగల్ చెరువు కట్ట మీదికి పోదాం. బండి నేనే తెస్తా, దావత్ నాదే. ఇంట్లో ముచ్చట్లు నువ్వు తీస్తేనే, నేనైతే అడగ."

ఆ చివరి వాక్యమే అతనికి ఊపిరాడనిస్తుంది. బాధ చెప్పుకోవాలంటే దారి ఉంది, వద్దంటే బలవంతం లేదు.

దీన్ని విడిగానే పంపండి. చుట్టాలున్న గ్రూపులో పెడితే కింద ఎవరో ఒకరు "సంబంధం ఉంది, చూద్దామా" అని మొదలుపెడతారు. "ఇంట్లో మళ్లీ షురూ చేసిండ్రు" అని జవాబొస్తే సలహా టైప్ చేయకండి, "ఫోన్ చేయనా?" అని అడగండి.